పచ్చి కుండ మీద చీనాబ్ దాటబోయిన సోహ్ని

సోహ్ని, మహీవాల్‌ల కథ పంజాబు పల్లెల్లో వందల ఏళ్లుగా పాడుకుంటున్న గేయగాథ. నదికి అటు ఒడ్డున ప్రియుడు, ఇటు ఒడ్డున అత్తవారింట్లో పెళ్లయిన పిల్ల. రోజూ రాత్రి కలుసుకుంటామన్న మాట ఒకటి ఇద్దరి మధ్య ఉంది. ఒక శ్రావణమాసపు రాత్రి నది పొంగింది. మాట తప్పలేక ఆమె నీళ్లలో దిగింది, మునిగిపోయింది. కథంతా ఇంతే. నాలుగు వాక్యాల్లో చెప్పగలిగే ఈ సంగతిని రాత్రంతా పాడే గాయకులు పంజాబులోనూ సింధులోనూ ఉన్నారు. ఒక్క దరువులో, పది నిమిషాల్లో ముగించేవాళ్లూ ఉన్నారు.

కథ జరిగిన ఊరు గుజ్రాత్. మన గుజరాత్ రాష్ట్రం కాదిది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులో, చీనాబ్‌కు ఉత్తరాన ఉన్న పట్టణం. మట్టిపనికి ఆ ఊరు ఈనాటికీ పేరున్నదే. అక్కడ తుల్లా అనే కుమ్మరి ఉండేవాడు, అతని కూతురు సోహ్ని. తండ్రి సారె మీద కుండలు తీస్తుంటే వాటి మీద పువ్వులూ తీగలూ దిద్దడం ఆమె పని. బుఖారా నుంచి సరుకుతో వచ్చిన ఇజ్జత్ బేగ్ అనే వర్తకుడు కుండలు చూద్దామని వచ్చి పిల్లను చూశాడు. ఆమెను మళ్లీ చూడడానికి వేరే సాకు దొరకక రోజూ వచ్చి కుండలు కొన్నాడు. తోటి వర్తకులు బిడారుతో వెళ్లిపోయినా అతను కదల్లేదు. చేతిలో డబ్బు అయిపోయాక ఆ కుమ్మరి దగ్గరే పనికి కుదిరాడు. గేదెలు కాసే పని ఇచ్చారు. గేదెలు కాసేవాణ్ని అక్కడ మహీవాల్ అంటారు. అసలు పేరు మరుగునపడి ఆ పేరే నిలిచింది.

సంగతి ఊళ్లో గుప్పుమనడంతో తల్లిదండ్రులు కూతురిని మరో కుమ్మరికి ఇచ్చి పెళ్లి చేశారు. మహీవాల్ ఫకీరు వేషం కట్టి, ఆమె అత్తవారి ఊరికి ఎదురుగా నదికి అవతలి ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. మొదట్లో నది ఈదినవాడు అతనే. రోజూ ఒక చేప పట్టి, కాల్చి, చీకటి పడ్డాక ఇవతలి ఒడ్డుకు తెచ్చేవాడు. గాలివాన వల్ల ఒకనాడు చేప దొరకలేదు. ఒట్టి చేతులతో వెళ్లలేక తన తొడ కండ కోసి కాల్చి తెచ్చాడంటాయి పాటలు. ఆ గాయంతో ఇక ఈదలేకపోయాడు. అప్పటినుంచి నది దాటడం సోహ్ని వంతైంది. వినడానికి వెగటుగా ఉండే ఈ ఘట్టాన్ని గాయకులు వదలరు. ఇది లేకపోతే ఈత తెలిసిన మగవాడు ఒడ్డున కూర్చోవడం, ఆడపిల్ల వరదలో దిగడం ఎందుకన్న ప్రశ్నకు జవాబుండదు.

సోహ్నికి ఈత అంతగా రాదు. కుమ్మరి పిల్ల కాబట్టి కుండ బోర్లించుకుని దాటింది. తిరిగొచ్చాక ఆ కుండను ఒడ్డున పొదలో దాచి ఇంటికి వెళ్లేది. ఆడబిడ్డ ఒక రాత్రి వెంటాడి ఇదంతా చూసింది. మర్నాడు పొదలోని కాలిన కుండ తీసేసి, అదే ఆకారంలో ఉన్న పచ్చి కుండను అక్కడ పెట్టింది. ఆ రాత్రే నది పొంగింది. నడి ఏట్లో కుండ కరిగిపోయింది. ఆమె కేక విని మహీవాల్ గాయంతోనే దూకాడు. ఇద్దరూ ఏటిపాలయ్యారు.

కుండ మీద నది దాటడం కవుల కల్పన కాదు. సింధు నదిలో పుల్లస చేప పట్టే జాలరులు పెద్ద మూతి కుండ మీద బోర్లా పడుకుని, పొట్టతో మూతిని మూసి, కాళ్లతో నీళ్లు తన్నుతూ వల వేసేవారు. పడిన చేపను ఆ కుండలోనే వేసుకునేవారు. 19వ శతాబ్దంలో ఆ దారిన వెళ్లిన ఇంగ్లీషు యాత్రికులు దీన్ని చూసి రాశారు. మన పల్లెల్లో ఈత నేర్చుకునే పిల్లలు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకోవడంలో ఉన్న సూత్రమే ఇందులోనూ ఉంది. పన్నెండు లీటర్లు పట్టే కుండ మూడు కిలోలు తూగుతుందనుకుంటే, దాన్ని పూర్తిగా నీటిలోకి నొక్కినప్పుడు అది తొమ్మిది కిలోల బరువును పైకి ఎత్తి పడుతుంది. మనిషి ఒళ్లు దాదాపుగా నీటిలో తేలేదే. తల నీటిపైన ఉండడానికి నాలుగైదు కిలోల ఆసరా చాలు. కాబట్టి కాలిన కుండ ఒకటి ఉంటే, గుండె ధైర్యం ఉన్న మనిషి ఏరు దాటవచ్చు.

ఏరు మాత్రం చిన్నది కాదు. హిమాచల్‌లోని లాహౌల్‌లో చంద్ర, భాగ అనే రెండు ఏళ్లు తాండి దగ్గర కలిస్తే చీనాబ్ అవుతుంది. పాత పుస్తకాల్లో దాని పేరు చంద్రభాగ. ఋగ్వేదంలో అసిక్ని. కిష్త్‌వాడ్ లోయలు దాటి అఖ్నూరు దగ్గర మైదానంలోకి దిగుతుంది. ఎండాకాలంలో మంచు కరిగిన నీరు, ఆషాఢ శ్రావణాల్లో కొండల మీద పడే వాన, రెండూ ఒకేసారి మీదపడడం వల్ల జూలై నుంచి సెప్టెంబరు దాకా అది ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. మైదానంలో ఒడ్లు మెత్తటి ఒండ్రు. ప్రవాహం ఒక ఒడ్డును కోసి మరో ఒడ్డున మేట వేస్తుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉంటుంది. రోజూ దాటే దారి అలవాటైన మనిషికి వరద రాత్రి ఆ అలవాటే మోసం చేస్తుంది.

ఆ రాత్రి ప్రయాణాన్ని లెక్క వేసి చూడవచ్చు. నది ఆరువందల మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. కుండ ఆసరాతో కాళ్లు తన్నుకుంటూ పోయే మనిషి సెకనుకు అర మీటరు కంటే ఎక్కువ ముందుకు సాగలేదు. అంటే అవతలి ఒడ్డుకు ఇరవై నిమిషాలు. మామూలు రోజుల్లో ప్రవాహం సెకనుకు ఒక మీటరు ఉంటే, ఆ ఇరవై నిమిషాల్లో ఆమె పన్నెండు వందల మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. అందుకే నది దాటేవాళ్లు చేరాల్సిన చోటికి బాగా ఎగువన దిగుతారు. ఎంత ఎగువన దిగాలో సోహ్నికి రోజూ దాటి దాటి తెలిసే ఉంటుంది. వరదలో ప్రవాహం సెకనుకు రెండున్నర మీటర్లైతే కొట్టుకుపోయే దూరం మూడు కిలోమీటర్లు. నది పొంగి వెడల్పు పెరిగితే ఇంకా ఎక్కువ. కుండ మంచిదే అయినా ఆ రాత్రి గుడిసె దగ్గర తేలడం అసాధ్యమే. కానీ బతికి ఎక్కడో ఒక చోట ఒడ్డెక్కే అవకాశం మాత్రం ఉండేది. ఆడబిడ్డ తీసేసింది ఆ ఒక్క అవకాశాన్నే.

పచ్చి కుండ నీటిలో ఏమవుతుందో కుమ్మరి ఇంట్లో చిన్న పిల్లకైనా తెలుసు. ఎండలో ఆరిన పచ్చి కుండ గట్టిగానే కనిపిస్తుంది, ఎత్తినా విరగదు. కానీ దాని గోడ నిండా కంటికి కనిపించని సందులు, వాటి నిండా గాలి. నీళ్లలో పెట్టగానే నీరు ఆ సందుల్లోకి పీల్చుకుపోతుంది. లోపలి గాలి ఇరుక్కుని బయటికి తోస్తుంది, మట్టి రేణువుల మధ్య నీరు చేరి అవి ఉబ్బి విడిపోతాయి. గోడ పొరలు పొరలుగా జారిపోతుంది. ఇక్కడ ఒక చిత్రముంది. ఇంకా తడి ఆరని పచ్చి కుండకంటే బాగా ఎండిన పచ్చి కుండే నీటిలో తొందరగా చెదురుతుంది, ఎందుకంటే నీరు పీల్చే ఖాళీ దానిలోనే ఎక్కువ. పలుచని గోడైతే కొద్ది నిమిషాల్లోనే మెత్తబడుతుంది. ఆవంలో కాలిస్తే కథ మారుతుంది. ఆరువందల డిగ్రీల వేడి దగ్గరికి వచ్చేసరికి మట్టి రేణువుల్లోనే కలిసి ఉన్న నీరు వదిలిపోయి, మట్టి మళ్లీ మట్టి కాలేని పదార్థంగా మారుతుంది. దాన్ని ఏళ్ల తరబడి నీళ్లలో ఉంచినా కరగదు.

ఇరవై నిమిషాల ప్రయాణం, కొద్ది నిమిషాల కుండ. కుండ కరిగిపోయే చోటు ఏరు మధ్యనే వస్తుంది. పాటల్లో కుండ ఎప్పుడూ నడి ఏట్లోనే ఎందుకు పోతుందంటే అది వినసొంపు కోసం కాదు. దిగిన వెంటనే కరిగితే ఆమె వెనక్కి వచ్చేసేది, అవతల ఒడ్డు దగ్గర కరిగితే మహీవాల్ చెయ్యి అందేది. గాయకులు లెక్క కట్టి ఉండరు, కానీ మట్టి సంగతి ఎరిగిన ఊళ్లో పుట్టిన పాట కావడం వల్ల లెక్క తప్పలేదు.

మరి కుమ్మరి కూతురు పచ్చి కుండను గుర్తుపట్టలేకపోయిందా? ఈ గాథలో అసలైన చిక్కు ముడి ఇక్కడుంది. పగలైతే రంగే చెబుతుంది, కాలిన కుండ ఎరుపు, పచ్చిది బూడిద రంగు. రాత్రి రంగు కనిపించకపోయినా వేలితో కొడితే కాలిన కుండ ఖంగుమంటుంది, పచ్చిది దబ్‌మంటుంది. తడి వేలు రాస్తే మట్టి వేలికి అంటుతుంది. రోజంతా కుండల మీద చేతులాడించిన పిల్లకు ఇవేవీ అక్కర్లేదు, చెయ్యి వెయ్యగానే తెలుస్తుంది. అందుకే చెప్పేవాళ్లు రెండు దారులు పట్టారు. కొందరు గాలివాన హోరులో, ఆత్రంలో ఆమె చూసుకోలేదంటారు. అప్పుడిది మోసపోయిన అమాయకురాలి కథ. మరికొందరు ఆమె ఎత్తుకోగానే గుర్తుపట్టిందని, అయినా దిగిందని పాడతారు. అప్పుడిది మాట నిలుపుకున్న మనిషి కథ. రెండో దారే బలమైనది. మొదటి దారిలో కన్నీళ్లు వస్తాయి గానీ, సోహ్ని చేసినదంటూ ఏమీ మిగలదు.

రెండో దారిని ఎంచుకున్న పాటల్లో బాగా ప్రచారంలో ఉన్నది ‘పార్ చనా దే’. చీనాబ్ అవతల అని దాని అర్థం. పాట మొత్తం సోహ్నికీ కుండకూ మధ్య సంభాషణ. వర్తకుడి రాక, పెళ్లి, చేప, ఆడబిడ్డ, ఏదీ ఇందులో చెప్పరు. కథ అందరికీ తెలుసు కాబట్టి పాట నేరుగా ఒడ్డు మీద మొదలవుతుంది. అవతల అతని గుడిసె కనిపిస్తోంది, నన్ను దాటించమని సోహ్ని కుండను అడుగుతుంది. చీకటిగా ఉంది, అలలు లేస్తున్నాయి, పంతం మానుకోమని కుండ బతిమాలుతుంది. నేను పచ్చి మట్టిని, కరిగిపోవడమే నా రాత, పచ్చివాళ్లను నమ్మి ఏరు దాటాలనుకోకు అని తన లోపం తనే ఒప్పుకుంటుంది. సోహ్ని తగ్గదు. ఇవాళ కలుస్తానన్నాను, కలవాల్సిందే, ప్రాణంతో కాకపోతే నా శవమైనా అతన్ని కలుస్తుంది అంటుంది.

మోసం చెయ్యడానికి పెట్టిన కుండే నిజం చెప్పడం ఈ పాటలోని గొప్ప ఊహ. ఆడబిడ్డ దాచినదాన్ని కుండ బయటపెట్టేసింది. ఇక సోహ్నికి తెలియదనడానికి వీల్లేదు. ఆమె దిగితే తెలిసే దిగాలి. పాడేవాడు ఆమె మనసులో ఏముందో వర్ణించనక్కర్లేదు, ఆమె గొప్పతనం గురించి ఒక్క విశేషణం వాడనక్కర్లేదు. కుండ వద్దంది, ఆమె వెళ్లింది. వినేవాడికి మిగతాది అర్థమవుతుంది.

జానపద గేయగాథ ఎక్కడ పుట్టినా దాని పనితనం ఇలాగే ఉంటుంది. కథను మొదటినుంచీ చెప్పదు, చివరి గండం దగ్గర పట్టుకుంటుంది. చెప్పడం తక్కువ, మాట్లాడించడం ఎక్కువ. ఎవరు మాట్లాడుతున్నారో కూడా చాలాసార్లు చెప్పదు, మాటను బట్టి తెలియాలి. చరణాలు చిన్నవి, మాటలు ఇంట్లో వాడేవి. ప్రతి చరణం చివర ఒకే పిలుపు తిరిగి వస్తుంది. ఈ పాటలో సోహ్ని మాటల్లో ఆ పిలుపు కుండను ఉద్దేశించినది. మొదటిసారి అది బతిమాలడంలా, మధ్యలో గదమాయించడంలా, చివర వీడ్కోలులా వినిపిస్తుంది. మాట మారదు, దాని చుట్టూ నీరు పెరుగుతుంది. తెలుగులో బాలనాగమ్మ, కాంభోజరాజు కథల్లాంటివి చెప్పేవాళ్లు వంతపాటతో చేసే పని కూడా ఇదే. అయితే మన కథాగేయాలు చాలావరకు రాత్రుల తరబడి సాగే పెద్ద కథలు. ఇలా ఒక్క ఘట్టాన్ని ఒడిసిపట్టి విడిచేసే ధోరణి వాటిలో తక్కువ.

ఇదే కథను చదువుకున్న కవులు రాసినప్పుడు సరళత నిలవలేదు. పంజాబీలో ఇలాంటి పద్యకథను కిస్సా అంటారు. సోహ్ని కిస్సాల్లో ఎక్కువ పేరు తెచ్చుకున్నది 19వ శతాబ్దం నడుమ లాహోరు దగ్గరి నవాంకోట్ కవి ఫజల్ షా రాసినది. అతనికి శబ్దాలంకారాల మీద మోజు. ఒకే మాటను రెండు మూడు అర్థాల్లో తిప్పి మెప్పించడం అతని సరదా. సభలో చప్పట్లు మోగిస్తుంది గానీ ఏటి ఒడ్డున పాడుకోవడానికి అది బరువు. ఢడ్ అనే చిన్న డోలు, సారంగి పట్టుకుని ఊరూరా తిరిగే ఢాడీ గాయకులు అతని పద్యాలనుంచి కావలసినంత తీసుకుని మిగతాది తమ మాటల్లో పాడుకున్నారు.

సింధులో మాత్రం ఒక పెద్ద కవి ఈ కథను జానపద గాయకుడిలాగే పట్టుకున్నాడు. షా అబ్దుల్ లతీఫ్ భిటాయ్ 1689లో పుట్టి 1752లో మరణించిన సూఫీ. ఆయన పాటల సంపుటిలో ‘సుర్ సోహ్ని’ ఒక భాగం. సింధీ కథ కొంత వేరు. నది చీనాబ్ కాదు, సింధు. ప్రియుడి పేరు మేహార్, ఆమె మొగుడి పేరు దమ్. మేహార్ గేదెల మెడగంటల చప్పుడే చీకట్లో ఆమెకు దారి చూపుతుంది. లతీఫ్ సంపుటి కూడా కథను ఏటి మధ్యలోనే అందుకుంటుంది. కుండ పగలడాన్ని ఆయన నష్టంగా చూడడు. కుండ ఉన్నంతసేపూ ఆమె కుండను నమ్ముకుంది, అది పోయాక ప్రేమ తప్ప పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు, అప్పుడే అసలైన దాటు మొదలైందంటాడు. సూఫీలకు ఇది జీవుడు దేవుణ్ని చేరే దారి. ఆ అర్థం వేదాంతం తెలిసిన తెలుగువారికి కొత్తగా ఉండదు. కానీ అది కథ మీద ఎక్కించిన అర్థమే. కుమ్మరి పిల్ల, పచ్చి కుండ అన్న గట్టి నేల లేకపోతే ఆ అర్థం నిలబడడానికి చోటుండదు.

ఈ కథ ఎప్పటిది? చాలామంది దీన్ని షాజహాన్ కాలంలో జరిగినట్టు చెబుతారు. షాజహాన్ పట్టానికి వచ్చింది 1628లో. అయితే 1636లో చనిపోయిన సిక్కు పండితుడు భాయి గురుదాస్ తన వారాలలో ఒక చోట లైలా మజ్నూ, సస్సీ పున్నూ, హీర్ రాంఝాలతో కలిపి సోహ్ని పేరు కూడా చెప్పాడు. రాత్రిపూట ఆమె నది ఈదిన సంగతి కూడా అందులో ఉంది. పేరు చెబితే చాలు అందరికీ తెలిసిపోయేంత ప్రచారం అప్పటికే కథకు వచ్చిందన్నమాట. లైలా మజ్నూల పక్కన నిలబడే పేరు ఏడెనిమిదేళ్లలో రాదు. కాబట్టి కథ షాజహాన్ కంటే పాతదనుకోవడమే సబబు. అసలు ఇలాంటి మనుషులు ఉన్నారా అన్నది చరిత్ర తేల్చలేదు. సింధులోని షహదాద్‌పూర్‌లో సోహ్ని సమాధి అని ఒకటి చూపిస్తారు. గుజ్రాత్‌కు అది వందల కిలోమీటర్ల దిగువన ఉంది. శవాలు అంతదూరం కొట్టుకొచ్చాయని స్థానికులు చెబుతారు. చీనాబ్ నీళ్లు చివరికి సింధులోనే కలుస్తాయి కాబట్టి ఆ మాటకు భూగోళం అడ్డు చెప్పదు గానీ, ప్రతి ప్రాంతం తన సోహ్నిని తనే ఉంచుకోవాలనుకుందని అనుకోవడం ఎక్కువ సహజం.

నీళ్లు విడదీసిన ప్రేమికుల కథలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. వాటి పక్కన పెడితే సోహ్ని కథ ప్రత్యేకత ఇంకా బాగా తెలుస్తుంది. గ్రీకు కథలో లియాండర్ రోజూ రాత్రి హీరో అనే పూజారిణి కోసం హెలెస్పాంట్ జలసంధి ఈదుతాడు. ఆమె గోపురం మీద దీపం పెడుతుంది. గాలివానకు దీపం ఆరింది, అతను దారి తప్పి మునిగాడు. ఆ ఈత నిజంగా సాధ్యమేనా అని ఇంగ్లీషు కవి బైరన్ 1810 మే 3న తనే ఈది చూశాడు, గంటా పది నిమిషాలు పట్టింది. స్కాట్లండులో ‘క్లైడ్ వాటర్’ అనే జానపద గాథ ఉంది. అందులో విల్లీ తల్లి మాట కాదని, ఆమె శాపం నెత్తిన పెట్టుకుని పొంగిన క్లైడ్ నదిలోకి గుర్రం తోలతాడు. వెళ్లేటప్పుడు వదిలెయ్యి, తిరిగొచ్చేటప్పుడు కావాలంటే ముంచెయ్యి అని నదిని వేడుకుంటాడు. ఆ వేడుకోలే రోమన్ కవి మార్షియల్ దాదాపు రెండు వేల ఏళ్ల కింద లియాండర్ నోట పెట్టాడు. తలుపు దగ్గరికి చేరిన విల్లీకి పిల్ల తల్లి కూతురి గొంతు అనుకరించి చోటు లేదని చెప్పి పంపేస్తుంది. తిరిగి వస్తూ అతను మునిగిపోతాడు. నిద్ర లేచిన పిల్ల సంగతి తెలుసుకుని అతన్ని వెతుక్కుంటూ అదే నదిలో దిగుతుంది.

ఒక్క గ్రీకు కథలోనే నేరం గాలివానది. మిగతా రెండింట్లోనూ నది చేతికి మనిషిని అప్పగించినది ఇల్లు. అక్కడ తల్లులు, ఇక్కడ ఆడబిడ్డ. ఒట్టి వరదలో కొట్టుకుపోతే అది ప్రమాదం, ఊరు నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోతుంది. ఇంటివాళ్లలో ఎవరో ఒకరు వరదను ఆయుధంగా వాడుకున్నప్పుడే అది పాట అవుతుంది. ఆడబిడ్డ సోహ్నిని కొట్టలేదు, మొగుడికి చెప్పలేదు, గది తలుపు గొళ్లెం పెట్టలేదు. ఒక కుండ తీసి ఇంకొక కుండ పెట్టింది. రేపు ఎవరైనా అడిగితే ఏరు తీసుకుపోయిందని చెప్పవచ్చు. విల్లీ ఎదుర్కొన్నది అబద్ధపు గొంతు, సోహ్ని చేతికి వచ్చింది అబద్ధపు కుండ. గొంతు మనిషిని మోసం చేసింది. కుండ మాత్రం, కనీసం ఆ ఒక్క పాటలో, మోసం చెయ్యడానికి ఒప్పుకోలేదు.

కథలో మొదటినుంచీ ఉన్న వస్తువు కుండే అని గమనిస్తే దీని కట్టడం ఎంత గట్టిదో తెలుస్తుంది. వాళ్లు కలిసింది కుండల బేరంలో. అతని ఆస్తి కరిగింది కుండలు కొని. ఆమెను కట్టబెట్టింది మరో కుమ్మరికి. నది దాటించింది కుండ, ముంచిందీ కుండే. బయటినుంచి తెచ్చిపెట్టిన కత్తీ విషమూ ఏవీ అక్కర్లేకపోయాయి. కులవృత్తే కథకు మొదలూ తుదీ సమకూర్చింది. కొత్తగా గేయగాథ రాయాలనుకునే కవి ఇందులో నేర్చుకోవలసినది ఇదే. పొంగే నదిని, కన్నీళ్లను ఎవరైనా వర్ణిస్తారు. ఆ మనుషుల చేతుల్లో రోజూ మెదిలే వస్తువు ఏదో వెతికి, ఆపద దానిలోనుంచే రప్పించాలి.

చిత్రకారులు కూడా కుండనే పట్టుకున్నారు. 18వ శతాబ్దంలో ఉత్తర భారతంలో గీసిన చిన్న చిత్రాల్లో సోహ్ని కుండ మీద చేతులానించి ఈదుతూ, అవతలి ఒడ్డున మహీవాల్ గేదెల మధ్య ఎదురుచూస్తూ కనిపిస్తారు. కాంగ్డా దగ్గరి అంద్రెట్టాలో స్థిరపడిన శోభాసింగ్ గీసిన సోహ్ని మహీవాల్ చిత్రం నకళ్లు పంజాబు ఇళ్లలో గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. సినిమాలూ వచ్చాయి. 1958 నాటి హిందీ ‘సోహ్నీ మహీవాల్’లో వరద రాత్రి పాటను నౌషాద్ సంగీతంలో మహేంద్ర కపూర్ పాడాడు. తెర మీద గాలివాన, మెరుపులు చూపించడానికి అందులో బోలెడు వీలుంది గానీ, కుండతో మాట్లాడే సోహ్నిని సినిమాలో చూపించడం కష్టం. ఆ పని పాటకే చేతనవుతుంది.

‘పార్ చనా దే’ వినాలనుకునేవారికి 2016లో కోక్ స్టూడియో పాకిస్తాన్ కోసం చేసిన రూపం సులువుగా దొరుకుతుంది. లాహోరుకు చెందిన నూరీ బృందంతో కలిసి దాన్ని పాడిన శిల్పారావు జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టిన గాయని. ‘దేవర’లో చుట్టమల్లే పాట కూడా ఆమెదే. పంజాబీ రాకపోయినా ఫరవాలేదు. ఎవరు కుండ, ఎవరు సోహ్ని అన్నది గుర్తుపట్టుకుంటూ వింటే చాలు, చరణం చరణానికీ నీరు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది.